మొదటి ఆడిషన్‌కి ఏ పాట, ఏ శ్రుతిలో?

ప్రశ్న: మేడమ్, నాకు 19 ఏళ్ళు. గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. ఇంకో ఇరవై రోజుల్లో విజయవాడలో ఒక టీవీ పాటల పోటీకి ఆడిషన్ ఉంది. ట్రాక్ ఉండదు, ఒట్టి గొంతుతోనే పాడాలన్నారు. నేను సంగీతం నేర్చుకోలేదు, విని పాడతాను. అమ్మ పాత మెలోడీ పాడమంటోంది. ఫ్రెండ్సేమో ఇప్పుడు హిట్టయిన పాట పాడితేనే జడ్జీలు గుర్తుపెట్టుకుంటారంటున్నారు. పోయిన నెల కాలేజీ ఫంక్షన్‌లో పల్లవి బాగా వచ్చింది కానీ, చరణం పైకి వెళ్ళగానే గొంతు చీలిపోయింది. అదే పాట ఇంట్లో బాగానే వస్తుంది. ఏ పాట ఎంచుకోవాలి, ఎలా తయారవ్వాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ కాలేజీ ఫంక్షన్ సంగతి తేల్చుకుందాం. ఏ పాట అన్న ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఇంట్లో నువ్వు ఎలా పాడతావో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఫోన్‌లో ఆ పాట పెట్టి దాంతోపాటు పాడతావు, లేదా అప్పుడే విని వెంటనే అందుకుంటావు. అంటే శ్రుతి నీకు ఆ పాటే అందిస్తోంది. అదీకాక చరణంలో నీ గొంతు కాస్త జారినా, వెనకాల అసలు గాయని గొంతు ఉంటుంది కాబట్టి నీకు తెలియదు. స్టేజీ మీద ఆ ఆసరా ఉండదు. శ్రుతి నువ్వే పట్టుకోవాలి. టెన్షన్‌లో ఉన్న మనిషి తనకు తెలియకుండానే పాట కాస్త పైన ఎత్తుకుంటాడు. నీ పల్లవి మధ్య స్థాయిలో ఉంటుంది కాబట్టి రెండు మెట్లు పైన మొదలుపెట్టినా ఇబ్బంది తెలియదు, ఇంకా హుషారుగా కూడా ఉంటుంది. ఆ రెండు మెట్లు చరణంలో బయటపడతాయి. అప్పటికే నీ గొంతుకి ఆఖరి మెట్టు అయినచోట పాట ఇంకా పైకి రమ్మంటుంది. గొంతు చీలేది అక్కడే. నీ గొంతులో లోపం ఉండి కాదు, ఎత్తుకున్న చోటు తప్పడం వల్ల అలా జరిగింది.

కాబట్టి పాట ఎంచుకునే ముందు నీ గొంతు కొలత తీసుకోవాలి. ఫోన్‌లో ఏదైనా పియానో కీబోర్డ్ యాప్ వేసుకో. నిద్ర లేవగానే వద్దు, సాయంత్రం పూట చూడు. అప్పటికి గొంతు తెరుచుకుని ఉంటుంది. మధ్యలో ఒక కీ నొక్కి 'ఆ' అని నాలుగు సెకన్లు నిలుపు. తర్వాత పక్క కీ, ఆ తర్వాత దాని పక్కది. తెల్లదైనా నల్లదైనా ఒక్కో కీ ఒక్కో మెట్టు అనుకో. ఎక్కడిదాకా గొంతు వణక్కుండా, మెడ నరాలు బిగియకుండా, ఫాల్స్ వాయిస్‌లోకి జారకుండా నిలుస్తుందో అది నీ పై హద్దు. ఇంకో మెట్టు తాకగలుగుతావు కానీ నిలపలేవు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. కిందికి కూడా ఇలాగే చూడు. ఎక్కడ స్వరం పోయి ఒట్టి గాలి మిగులుతుందో దానికి ఒక మెట్టు పైన నీ కింది హద్దు. మూడు రోజులు చూసి, మూడింటిలో తక్కువ వచ్చిన రోజు లెక్కే నీ లెక్క అనుకో. ఆడిషన్ రోజు గొంతు మంచి రోజులా ఉంటుందని నమ్మకం లేదు కదా.

ఇప్పుడు పాట కొలత. పాటలో అన్నిటికంటే పైన పలికే మాట ఏదో కనిపెట్టు. సినిమా పాటల్లో అది చాలావరకు చరణం మూడో నాలుగో లైన్లో, మళ్ళీ పల్లవిలోకి దిగే ముందు ఉంటుంది. ఆ మాట దగ్గర పాట ఆపి, కీబోర్డ్ మీద వెతికి ఏ కీ అవుతుందో చూడు. అన్నిటికంటే కింద పలికే మాటకీ అలాగే చూడు. పాట పై స్వరం నీ పై హద్దుకి కనీసం రెండు మెట్లు కిందే ఉండాలని నేను పిల్లలకు చెబుతాను. ఆ రెండు మెట్లూ టెన్షన్ కోసం దాచిపెట్టుకున్నవి.

ఒక ఉదాహరణ చెబుతాను. పోయిన ఏడాది తెనాలి నుంచి ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. అచ్చం నీ సమస్యే. ఆమె గొంతు కింద F3 నుంచి పైన D5 దాకా స్థిరంగా నిలుస్తుంది. E5 తాకుతుంది కానీ సన్నగా చీలుతుంది. ఆమె ఎంచుకున్న పాట రికార్డులో ఆరు శ్రుతిలో ఉంది. హార్మోనియం మీద తెల్ల మెట్లని ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడితే ఆరోది, యాప్‌లో A అని కనిపిస్తుంది. ఆ శ్రుతిలో చరణంలోని పై మధ్యమం సరిగ్గా D5 మీద పడుతోంది. అంటే పాట కొస, ఆమె గొంతు కొస ఒక్కచోటే ఉన్నాయి. ఇంట్లో పది సార్లు పాడితే ఎనిమిది సార్లు వచ్చేది. ఒక్క మెట్టు పైన ఎత్తుకుందా, ఇక ఒక్కసారీ రాదు.

పాట మార్చమని నేను అనలేదు, శ్రుతి దించాం. ఆరు నుంచి ఐదున్నర, అంటే ఐదుకీ ఆరుకీ మధ్య ఉన్న నల్ల మెట్టు, అక్కడి నుంచి ఐదు. యాప్‌లో అది G. రెండు మెట్లు దిగేసరికి చరణం కొస C5 కి వచ్చింది, పైన రెండు మెట్ల ఖాళీ దొరికింది. మరి ఇంకో మెట్టు దించి నాలుగున్నరలో పాడితే ఇంకా సుఖం కదా అని ఆమె అడిగింది. పాడించి చూశాను. పల్లవి చివర ఒక మాట మంద్ర నిషాదంలో, అంటే 'స'కి కింది 'ని'లో ఉంది. ఐదు శ్రుతిలో అది F3 కి ఒక మెట్టు పైన పలుకుతుంది, నాలుగున్నరలో సరిగ్గా F3 మీద పడుతుంది. అక్కడ ఆమె గొంతు ఉంది కానీ వినపడదు. పక్క గదిలో కూర్చుని వింటే ఆ మాట పూర్తిగా పోయింది. అందుకని ఐదు శ్రుతికే ఖాయం చేశాం. శ్రుతి దించడంలో హద్దు ఇదే, పైన మిగిలింది చూసుకుని కింద పోయింది మర్చిపోతాం. ఏ శ్రుతిలో పెట్టినా పైనో కిందో తెగిపోతోందంటే ఆ పాట పరిధి నీ గొంతుకంటే పెద్దదన్నమాట. ఎంత ఇష్టమైనా ఈ ఆడిషన్‌కి దాన్ని పక్కన పెట్టు.

ఇక అమ్మ పాటా, ఫ్రెండ్స్ పాటా? రెండూ ఫోన్‌లో రికార్డు చెయ్యి. ట్రాక్ లేకుండా, చేత్తో తాళం కూడా వేయకుండా పాడి, ఒక రాత్రి ఆగి విను. ఇప్పటి హిట్ పాటల్లో చాలావాటికి బీటూ, కోరస్సూ, మధ్యలో వచ్చే చిన్న చిన్న సౌండ్లే ప్రాణం. అవి తీసేస్తే పల్లవి అంతా రెండు మూడు స్వరాల మీదే తిరుగుతుంటుంది. గదిలో నీ గొంతు ఒక్కటే ఉన్నప్పుడు అది పాటలా కాక మాటల్లా వినిపిస్తుంది. రాగం నిండుగా ఉన్న పాట, కొత్తదైనా పాతదైనా, ఒంటరిగా నిలబడుతుంది. పాత మెలోడీలు ఈ పరీక్షలో ఎక్కువగా నెగ్గుతాయి కాబట్టి ఈ విషయంలో నేను మీ అమ్మగారి వైపే. అయితే ఒక్క షరతు. స్వరాలు పాడే భాగాలు, గబగబా జారే సంగతులు ఉన్న శాస్త్రీయ ఛాయ పాటలు వద్దు. విని నేర్చుకున్న వాళ్ళు ఆ సంగతులని దాదాపుగా పట్టుకుంటారు, ఆ 'దాదాపు' జడ్జీలకు వెంటనే తెలిసిపోతుంది. గమకాలు తక్కువగా, పొడుగాటి నిలుపులు ఎక్కువగా ఉన్న పాట తీసుకో. నీకున్నది శ్రుతిశుద్ధమైన గొంతైతే ఆ నిలుపుల్లోనే బయటపడుతుంది.

పాట మొత్తం పాడనివ్వరు. పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి మొదటి లైను, అంతే సిద్ధం చేసుకో. నిమిషం నుంచి నిమిషంన్నర లోపల అయిపోవాలి. మొదట్లో వచ్చే ఆలాపన పాటకి ప్రాణమైతే తప్ప వదిలెయ్. పల్లవికీ చరణానికీ మధ్య మ్యూజిక్‌ని చాలామంది నోటితో 'తననన' అని పాడతారు, వద్దు. అక్కడ నిండుగా ఒక్క ఊపిరి తీసుకుని, తాళం తప్పకుండా చరణం ఎత్తుకో. ఆ ఒక్క ఊపిరి నిశ్శబ్దం ఇంట్లో చాలా పొడుగ్గా అనిపిస్తుంది, వినేవాళ్ళకి అది సహజంగానే ఉంటుంది. ఇంకో మాట, చరణాలు రెండూ ఒకే వరసలో ఉంటే మొదటిదే పాడాలని లేదు. ఏ చరణంలో మాటలు నీ నోటికి బాగా పలుకుతాయో అదే తీసుకో.

మాటల దగ్గర కాస్త ఆగాలి. మన తెలుగు పోటీల్లో శ్రుతి తర్వాత పట్టుబడేది ఉచ్చారణే. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో బాలుగారు పిల్లలకి స్వరం దిద్దినంత శ్రద్ధగా అక్షరమూ దిద్దేవారు. మన దగ్గర జడ్జీల చెవి అలా తయారైంది. నువ్వు లిరిక్స్ ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో చదివి నేర్చుకుని ఉంటే, అందులో 'న' ఏదో 'ణ' ఏదో తెలీదు, 'ల'కీ 'ళ'కీ తేడా ఉండదు, ఒత్తులు ఉన్నాయో లేవో తెలీదు. అందుకని పాటని తెలుగులో నీ చేత్తో నోట్‌బుక్‌లో రాసుకో. తెనాలి అమ్మాయి నోట్‌బుక్ ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. నీలం ఇంకుతో సాహిత్యం, ఊపిరి తీసుకోవాల్సిన చోట ఎర్ర గీత, శ, ష లు వచ్చిన ప్రతిచోటా సున్నా చుట్టింది. మొదటిరోజు చూస్తే ఒక చరణంలో ఏడు సున్నాలు, వాటిలో ఐదింటిని ఆమె 'స' అనే పాడుతోంది. పాడకుండా ఉత్త మాటలుగా రోజూ పదిసార్లు చదివించాను, వారానికి నోరు తిరిగింది. ఎర్ర గీతల విషయంలోనూ ఒక చిక్కు ఉంది. ఊపిరి చాలక మాట మధ్యలో విరిచామా, అర్థం మారిపోతుంది. ముందు లైను అర్థం చూసుకుని ఆ విరుపు దగ్గరే ఊపిరి తీసుకో. అక్కడిదాకా ఊపిరి సరిపోకపోతే పాట వేగం ఒక్క పిసరు పెంచు. లైను మాత్రం తుంచకు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సాధన. నీ శ్రుతి ఐదో, ఐదున్నరో తేలాక, తంబురా యాప్‌లో దాన్ని పెట్టుకుని పది నిమిషాలు 'స' నిలుపు, తర్వాత 'స ప స'. ఆపైన యాప్ ఆపేసి, అరగంట వేరే పని చేసుకుని, ఏ ఆధారం లేకుండా పాట మొదటి లైను ఎత్తుకో. వెంటనే యాప్ పెట్టి సరిచూడు. ఎన్ని మెట్లు తేడా వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకో. రోజుకి పదిసార్లు ఇలా చెయ్యి. నీ పాట షడ్జంలోనే మొదలవ్వాలని లేదు, పంచమంలో మొదలైతే 'స' అనుకుని 'ప' మీదికి వెళ్ళి అక్కడి నుంచి మాట అందుకోవడం అలవాటు చేసుకో. విని పాడే వాళ్ళు తరచుగా తప్పేది ఇక్కడే. మొదటి మాట పలికే స్వరాన్నే 'స' అనుకుంటారు, దాంతో పాట మొత్తం పక్కకి జరుగుతుంది.

వారం తర్వాత ఇదే పని గుండె దడదడలాడుతుండగా చెయ్యి. మేడ మెట్లు రెండుసార్లు గబగబా ఎక్కి దిగి, ఊపిరి కుదుటపడకముందే పాట ఎత్తుకో. స్టేజీ మీద ఒంటికి ఉండే పరిస్థితి దాదాపు అదే. తెనాలి అమ్మాయి మొదట్లో ఇలా పదిసార్లు ఎత్తుకుంటే ఏడుసార్లు ఒకటో రెండో మెట్లు పైనే దొరికింది, పైగా వేగం కూడా పెరిగేది. రెండో వారం చివరికి పదిలో రెండుసార్లే తప్పింది. వేగం కోసం కాలి బొటనవేలితో, చెప్పు లోపలే, తాళం వేసుకోమన్నాను. చెయ్యి ఊపితే ఊపు పెరిగి పాట పరుగెడుతుంది. బొటనవేలు అలా తొందరపెట్టదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇంటర్ చదివేటప్పుడు ఒక పాటల పోటీకి వెళ్ళాను. వరండాలో బెంచీ మీద కూర్చుని నా వంతు కోసం చూస్తున్నాను, లోపల ఒకబ్బాయి పాట వినిపిస్తోంది. చాలా బాగా పాడాడు, లీనమై విన్నాను. నా పేరు పిలిచారు, లోపలికెళ్ళి పాట ఎత్తుకున్నాను. రెండో లైనుకి అర్థమైంది, నేను ఆ అబ్బాయి శ్రుతిలో పాడుతున్నానని. నాకు బాగా కింద. మాటలు గొంతులోనే ఉండిపోయాయి. ఆగి మళ్ళీ మొదలుపెడతానని అడగడానికి నోరు రాలేదు, అలాగే చివరిదాకా పాడి వచ్చేశాను. మన ముందు పాడిన వాళ్ళ శ్రుతి చెవిలో ఉండిపోతుందని ఆ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు.

అందుకే నువ్వు ఇయర్‌ఫోన్స్ తప్పకుండా తీసుకెళ్ళు. గుంటూరు నుంచి బస్సు ఎక్కాక మంగళగిరి దాటేదాకా నీ శ్రుతి తంబురా విను, పాట పాడకు. హాల్ దగ్గర వరుసలో ఉన్నప్పుడు మిగతా వాళ్ళ పాటలు వినకు, ఎంత బాగున్నా. నీ ముందు ఇద్దరు ఉన్నారనగా తంబురా పెట్టుకుని, నోరు మూసుకుని 'మ్' అంటూ షడ్జం పట్టుకో. పేరు పిలిచాక ఇయర్‌ఫోన్స్ తీసి లోపలికెళ్తావు. పేరు, ఊరు, ఏం చదువుతున్నావని అడుగుతారు, ఆ మాటల్లో శ్రుతి చెదిరిపోతుంది. జవాబులు చెప్పాక 'ఒక్క క్షణం సర్, శ్రుతి చూసుకుంటాను' అని అడుగు. ఫోన్ లోపలికి అనుమతిస్తే తంబురా ఐదు సెకన్లు విని ఆపెయ్, అనుమతించకపోతే చిన్నగా 'స ప స' అనుకో. ఇలా అడిగిన వాళ్ళని జడ్జీలు తప్పుపట్టడం నేను చూడలేదు. పాట తెలిసిన పిల్ల అనుకుంటారు. ఒకవేళ మొదటి లైనులోనే పైన ఎత్తుకున్నానని తెలిస్తే అక్కడే ఆగి 'మళ్ళీ మొదలుపెడతాను' అని చెప్పు. చరణంలో చీలడం కంటే మొదటి లైనులో ఆగడం వెయ్యి రెట్లు నయం.

గొంతు సంగతి కొంచెం. మిర్చి సీజన్ అయితే ఆ వారం యార్డు వైపు వెళ్ళకు. ఆ ఘాటుకి ఒకసారి దగ్గు పట్టుకుందంటే రెండు రోజులు గొంతు గీరుకుపోతూనే ఉంటుంది. తప్పకపోతే ముక్కుకీ నోటికీ చున్నీ కట్టుకుని వెళ్ళు. ఆడిషన్ ముందు రాత్రి కారాలు, వేపుళ్ళు తగ్గించి త్వరగా తిని, రెండు గంటలు ఆగి పడుకో. పులితేపులు గొంతు దాకా వస్తే పొద్దున స్వరం బొంగురుగా ఉంటుంది. పాటకి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తిను, కారప్పొడి లేకుండా. నీళ్ళు మాత్రం పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి, పిలిచే ముందు గ్లాసుడు గటగటా తాగితే ప్రయోజనం లేదు. జలుబు మాత్రలు చాలావాటికి గొంతు ఆరిపోతుంది, చల్లగా మొద్దుబార్చే బిళ్ళలు వేసుకుంటే గొంతు ఎంత బిగుస్తోందో నీకే తెలియదు. పాట రోజు ఈ రెండూ వద్దు. ఆఖరి రెండు రోజులు పూర్తి గొంతుతో రోజుకి మూడుసార్లకు మించి పాడకు. ఆఖరిరోజు ముప్పైసార్లు పాడి, బొంగురు గొంతుతో వచ్చిన పిల్లల్ని చూసి ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మైకు ఇస్తే నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకో, జాలీని గుప్పిటతో మూయకు. చరణం పై స్వరం దగ్గర కొద్దిగా వెనక్కి జరుపు చాలు.

చివరగా రెండో పాట. మొదటిది నచ్చితే 'ఇంకొకటి పాడమ్మా' అంటారు. చాలామంది అక్కడ తడబడి, మనసుకి తోచిన పాటేదో అందుకుంటారు. నలభై సెకన్ల ముక్క ఒకటి సిద్ధంగా ఉంచుకో, మొదటిదానికి తేడాగా ఉండాలి. మొదటిది నింపాది మెలోడీ అయితే ఇది కాస్త నడక ఉన్న జానపదమో, నీకు నోటికి వచ్చిన అన్నమయ్య కీర్తన పల్లవో కావచ్చు. మీ ఫ్రెండ్స్ చెప్పిన హిట్ పాట ఒంటరి గొంతు పరీక్షలో నిలబడితే దానికీ ఇదే చోటు. కానీ దీన్ని కూడా మొదటి పాట శ్రుతిలోనే కుదుర్చుకో, అప్పుడు మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు. కుదరకపోతే ఆ పాట శ్రుతి వేరే ఉందని నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాసుకుని, అది మొదలుపెట్టే ముందు కూడా 'ఒక్క క్షణం సర్' అని అడిగి, ఆ శ్రుతి తీసుకున్నాకే నోరు తెరువు.